వేగంగా కొట్టుకునే గుండె లయ తప్పిందో లేదో ఈసీజీలో తేల్చుకోవడం ఎలా?

ఈసీజీ చదవడం నేర్చుకునేవాళ్లకు మొదట్లోనే ఒక సూత్రం చెబుతారు. గుండె వేగంగా కొట్టుకుంటూ గీతలు సమదూరంలో ఉంటే ఎస్‌వీటీ, దూరాలు ఎక్కువ తక్కువలుగా ఉంటే ఏట్రియల్ ఫిబ్రిలేషన్. రెండూ గుండె పైభాగంలో పుట్టే వేగపు లయలే. సూత్రం తప్పు కాదు. చిక్కల్లా దాన్ని కాగితం మీద పెట్టి చూసినప్పుడే వస్తుంది. నిమిషానికి 80, 90 సార్లు కొట్టుకునే గుండెలో లయ తప్పితే ఆమడ దూరం నుంచే కనిపిస్తుంది. అదే మనిషికి అదే జబ్బులో వేగం 160కి చేరితే గీతలన్నీ కొలిచి పేర్చినట్టు కనిపిస్తాయి. చూసినవాళ్లు ‘రెగ్యులర్’ అని రాసేసి ముందుకు వెళ్లిపోతారు. మెషీన్ కూడా చాలాసార్లు అదే రాస్తుంది.

ఈ తేడా తేలకపోతే వైద్యం దారి తప్పుతుంది. ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌లో గుండె పైగదులు సరిగా ముడుచుకోవు కాబట్టి ఎడమ పైగదిలో రక్తం గడ్డకట్టి, అది మెదడుకు చేరి పక్షవాతం తెచ్చే ప్రమాదం ఉంటుంది. రక్తం పలచబరిచే మందు గురించి ఆలోచించాలి. మామూలు ఎస్‌వీటీలో ఆ గొడవ లేదు. పేరు తప్పు పడితే తర్వాతిసారి చీటీలో అదే పేరు, ఆపై సంవత్సరం కూడా అదే పేరు నడుస్తుంది.

వేగం పెరిగితే తేడా ఎందుకు మాయమవుతుంది

ఈసీజీ కాగితం సాధారణంగా సెకనుకు 25 మిల్లీమీటర్ల వేగంతో కదులుతుంది. కాగితం మీది చిన్న గడి 1 మిల్లీమీటరు, అంటే 0.04 సెకను. అలాంటి ఐదు కలిస్తే ఒక పెద్ద గడి, 0.2 సెకను. నిమిషంలో 1500 చిన్న గడులు పడతాయి. నిటారుగా లేచే పొడవాటి మొనను ఆర్ అంటాం. పక్కపక్క ఆర్‌ల మధ్య ఎన్ని చిన్న గడులున్నాయో లెక్కపెట్టి 1500ను దానితో భాగిస్తే వేగం వస్తుంది.

ఇప్పుడు ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉన్న మనిషి గుండె నిమిషానికి సుమారు 80 సార్లు కొట్టుకుంటోందనుకోండి. సగటు దూరం 19 గడులు. కానీ ఒక దూరం 13, ఇంకోటి 26 ఉండొచ్చు. అంత తేడా ఎవరి కంటికైనా ఆనుతుంది. వేగం 156కి పెరిగితే సగటు దూరం 10 గడుల లోపే. అటూ ఇటూ ఊగడానికి మిగిలిన చోటు కూడా కుంచించుకుపోతుంది. 8 నుంచి 12 గడుల మధ్య తిరుగుతుంది, అంటే ఒకటీ రెండు మిల్లీమీటర్ల తేడాలు. కన్ను వాటిని దాటేస్తుంది. లయ బాగుపడలేదు, కాగితం మీద దానికి చోటు తగ్గిందంతే.

అందుకే వేగం 150 దాటిన స్ట్రిప్‌లో ‘చూస్తే రెగ్యులర్‌గానే ఉంది’ అన్న మాటకు విలువ లేదు. కొలిచి చెప్పాలి.

లయ ఎక్కడి నుంచి వస్తోంది

కొలిచిన అంకె అర్థం కావాలంటే, ఆ లయను ఎవరు నడిపిస్తున్నారో తెలియాలి. గుండెలో పై రెండు గదులు కర్ణికలు, కింది రెండూ జఠరికలు. పై నుంచి కిందికి కరెంటు దిగడానికి మామూలుగా ఉన్నది ఒక్కటే దారి, ఏవీ నోడ్. పొడవాటి మొన, అంటే క్యూఆర్‌ఎస్, జఠరికలకు కరెంటు అందినప్పుడు పడేది. కాబట్టి మొనల మధ్య దూరాలు చెప్పేది ఒకటే: ఏవీ నోడ్ దాటి కిందికి కబుర్లు ఎంతెంత వ్యవధిలో వస్తున్నాయి అని.

ఎస్‌వీటీల్లో ఎక్కువగా కనిపించే రకంలో, ఏవీ నోడ్ దగ్గరే రెండు దారులుంటాయి. ఒకటి నిదానం, ఒకటి వేగం. కరెంటు నిదానం దారిలో దిగి, వేగం దారిలో పైకెక్కి, మళ్లీ నిదానం దారిలో దిగుతూ గానుగెద్దులా అదే బాటలో తిరుగుతుంది. బాట పొడవు మారదు, నడక వేగం దాదాపు మారదు. ఒక చుట్టుకు 0.36 సెకను పట్టిందంటే తర్వాతి చుట్టుకూ అంతే. అంటే ప్రతి దూరం 9 చిన్న గడులు, వేగం 167. మొదలైన తొలి కొద్ది బీట్లలోనూ, ఆగిపోయే ముందూ కాస్త తేడా రావచ్చు గానీ నడిమి భాగం గడియారంలా ఉంటుంది.

ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌లో అలాంటి ఒక్క బాట ఉండదు. కర్ణికల్లో నిమిషానికి 350 నుంచి 600 దాకా అస్తవ్యస్తంగా తరంగాలు తిరుగుతుంటాయి, అన్నీ వచ్చి ఏవీ నోడ్ మీద పడుతుంటాయి. అన్నిటినీ నోడ్ దాటనివ్వదు. ఇక్కడ అసలు కిటుకు ఏమిటంటే, కొన్ని తరంగాలు నోడ్‌లోకి సగం దూరం వచ్చి చచ్చిపోతాయి. కింద బీటు పడదు గానీ నోడ్ అలసిపోతుంది, ఆ వెనక వచ్చే తరంగానికి దారి ఆలస్యంగా తెరుచుకుంటుంది. కాగితం మీద జాడ లేని ఈ సగం ప్రయాణాల వల్లే, ఒక దూరాన్ని చూసి తర్వాతి దూరం ఎంతో ఎవరూ చెప్పలేరు. ‘క్రమం లేని అక్రమం’ అని పాఠాల్లో చెప్పేది దీన్నే.

మూడోది మామూలు సైనస్ లయ వేగం పుంజుకోవడం. జ్వరం, రక్తం పోవడం, నొప్పి, టెన్షన్, ఏదైనా కావచ్చు. దీన్ని నడిపేది నరాలు, హార్మోన్లు. కాబట్టి వేగం ఎక్కుతూ దిగుతూ ఉంటుంది, కానీ మెల్లగా. 132 ఉన్నది మాట్లాడిస్తే 138 అవుతుంది, పావుగంట ప్రశాంతంగా పడుకుంటే 124కి దిగుతుంది. ఎస్‌వీటీ మాత్రం స్విచ్ వేసినట్టు మొదలై, స్విచ్ తీసినట్టు ఆగుతుంది. ‘ఎప్పుడు మొదలైంది?’ అని అడిగితే ఎస్‌వీటీ ఉన్న మనిషి చాలాసార్లు నిమిషంతో సహా చెప్పగలడు. ఈ ఒక్క ప్రశ్న సగం ఈసీజీతో సమానం అని నా అభిప్రాయం.

ఒక స్ట్రిప్‌ను కొలిచి చూద్దాం

64 ఏళ్ల మనిషి, గుండెదడతో వచ్చాడనుకుందాం. బీపీ బాగానే ఉంది, తెలివిలోనే ఉన్నాడు, ఛాతీలో నొప్పి లేదు. (బీపీ పడిపోయి, స్పృహ తప్పుతున్న మనిషి అయితే ఈ కొలతలకు కూర్చోకూడదు, షాక్ మెషీన్ దగ్గరికి వెళ్లాలి.) ఈసీజీ తీశారు. మెషీన్ పైన 156 అని వేగం వేసి, కింద ఎస్‌వీటీ అని రాసింది. క్యూఆర్‌ఎస్ మొనలు సన్నగా, మూడు చిన్న గడుల లోపే ఉన్నాయి.

లీడ్ అంటే గుండె కరెంటును ఒక కోణం నుంచి చూపే గీత. మొదట చూడాల్సింది కాగితం అడుగున పొడవుగా పడే లీడ్ 2 గీత. 12 లీడ్ల ఈసీజీలో పైన ఒక్కో లీడ్‌కు 2.5 సెకన్లే దక్కుతాయి. ఈ వేగంలో అక్కడ ఆరేడు బీట్లే ఉంటాయి, వాటితో లయ తేల్చబోతే బోల్తా పడతాం. అడుగు గీతలో పూర్తిగా 10 సెకన్లు ఉంటాయి. అందులో మొనలు లెక్కపెడితే 26. ఆరుతో గుణిస్తే 156. మెషీన్ వేసిన వేగంలో తప్పు లేదు. కానీ అది సగటు. సగటులో లయ కనిపించదు.

ఇప్పుడు ఒక తెల్లకాగితం అంచును మొనల కిందుగా ఆనించి, పక్కపక్కన ఉన్న మూడు మొనల సూటిన పెన్సిల్‌తో మూడు గీతలు పెట్టాలి. తర్వాత కాగితాన్ని ఒక బీటు కుడికి జరపాలి. మొదటి గీత రెండో మొన కింద సరిగ్గా కూర్చున్నప్పుడు మిగతా రెండు గీతలు కూడా మొనల కింద పడుతున్నాయా? పడితే మళ్లీ జరపాలి. ఇలా చివరిదాకా వెళ్లాలి. లయ సమంగా ఉంటే గీతలు ఎక్కడికి జరిపినా అతుక్కుపోతాయి. అర గడి తేడాను నేను పట్టించుకోను, అది గీత మందం, మన చేతి వణుకు. ఒక గడి, అంతకు మించి తేడా మళ్లీ మళ్లీ వస్తుంటే అది గుండెలోని తేడాయే.

మన స్ట్రిప్‌లో కాగితం మొదటి జరుపుకే తప్పింది. గడులు లెక్కపెడితే వరుసగా పది దూరాలు ఇలా వచ్చాయి: 9, 11, 8, 9, 12, 11, 8, 10, 9, 9. కలిపితే 96, సగటు 9.6, అంటే వేగం 156. ఇందులో అతి చిన్న దూరం 8 గడులు, ఆ లెక్కన వేగం 187. అతి పెద్దది 12 గడులు, ఆ లెక్కన 125. పక్కపక్క బీట్ల మధ్య వేగం ఇంతలా ఎగిరిపడుతోంది. చుట్టూ తిరిగే కరెంటు ఇలా చేయదు. పైగా ఈ వరుసలో ఏ పద్ధతీ లేదు. పెద్దదాని తర్వాత చిన్నది వస్తుందన్న నియమం లేదు, మెల్లగా పెరిగి మెల్లగా తగ్గడమూ లేదు. ఇది ఏట్రియల్ ఫిబ్రిలేషన్.

మరి మొనకు ముందు, కర్ణికలకు కరెంటు అందినప్పుడు పడే చిన్న తరంగం, పి వేవ్ సంగతో? పి వేవ్ లేకపోవడం ఏట్రియల్ ఫిబ్రిలేషన్ గుర్తే. కానీ ఈ వేగంలో మొన తర్వాత జఠరికలు తేరుకునేటప్పుడు పడే టి వేవ్ అయ్యేసరికి తర్వాతి క్యూఆర్‌ఎస్ వచ్చి మీద పడుతుంది. పి వేవ్ నిజంగా లేదా, టి వేవ్ కింద దాక్కుందా అన్నది చెప్పడం కష్టం. ఎస్‌వీటీలో కూడా పి తరచుగా క్యూఆర్‌ఎస్‌లోనే కలిసిపోతుంది. పైగా వి1 లీడ్‌లో ఫిబ్రిలేషన్ తరంగాలు ఒక్కోసారి ముద్దగా లేచి పి వేవ్‌ల లాగే కనిపిస్తాయి. ఈ వేగంలో దూరాల కొలతే ఎక్కువ నమ్మదగ్గ సాక్ష్యం అని అందుకే అంటాను.

ఇంకో సాక్ష్యం మంచం పక్కనే దొరుకుతుంది. ఈ మనిషి వేలికి ఆక్సిమీటర్ పెడితే పల్స్ 120 దగ్గర చూపించవచ్చు. ఈసీజీలో 156, వేలి దగ్గర 120. 8 గడుల దూరం తర్వాత వచ్చిన బీటుకు ముందు జఠరిక నిండడానికి సమయం చాలదు. అది పంపే కొద్దిపాటి రక్తం వేలిదాకా తెలియదు. సమంగా కొట్టుకునే ఎస్‌వీటీలో ఈ తేడా సాధారణంగా ఉండదు.

సమంగా ఉందని తేలినా పని అయిపోదు

కాగితం అంచు చివరిదాకా అతుక్కుంటూ పోయిందనుకోండి. అప్పుడు మిగిలే అనుమానాలు ముఖ్యంగా మూడు: సైనస్ వేగం, ఎస్‌వీటీ, ఏట్రియల్ ఫ్లట్టర్. సైనస్‌ను వయసు కొంతవరకు తోసిపుచ్చుతుంది. 220లోంచి వయసు తీసేస్తే వచ్చేది ఆ మనిషి సైనస్ లయ చేరగల గరిష్ఠ వేగానికి ఒక ఉజ్జాయింపు. 64 ఏళ్లకు అది 156. అంత వేగం పరుగు చివర్లో రావాలి గానీ మంచం మీద పడుకున్న మనిషికి రావడం అరుదు. ఉజ్జాయింపే కాబట్టి దీని మీదే ఆధారపడకూడదు, కానీ అనుమానం రేపడానికి చాలు.

మోసం చేసేది ఫ్లట్టర్. ఇందులో కరెంటు కుడి కర్ణికలో ట్రైకస్పిడ్ కవాటం చుట్టూ తిరుగుతుంది. ఒక చుట్టు సుమారు 0.2 సెకను, అంటే నిమిషానికి 300 దగ్గర. ఏవీ నోడ్ అన్నిటినీ దాటనివ్వకుండా సాధారణంగా రెండింట ఒకదాన్ని వదులుతుంది. దాంతో జఠరికల వేగం సుమారు 150. లయ చక్కగా సమంగా ఉంటుంది. రెండు ఫ్లట్టర్ తరంగాల్లో ఒకటి క్యూఆర్‌ఎస్‌లోనో టి వేవ్‌లోనో కలిసిపోవడంతో రెండోది మామూలు పి వేవ్‌లా కనిపించి సైనస్ అనిపిస్తుంది.

అందుకే వేగం 150 దగ్గర కదలకుండా నిలబడి ఉంటే, గంట క్రితం ఎంతో ఇప్పుడూ అంతే ఉంటే, ఫ్లట్టర్ కాదని రుజువయ్యేదాకా ఫ్లట్టరే అనుకోవడం మంచిది. రెండు మొనల మధ్య 10 గడులుంటే, సరిగ్గా నడిమధ్య, 5వ గడి దగ్గర ఏముందో చూడండి. మీరు పి అనుకుంటున్న తరంగం నుంచి సరిగ్గా 5 గడుల అవతల దాని జోడీ ఉందేమో వెతకండి. లీడ్ 2 కాగితాన్ని తలకిందులు చేసి చూస్తే రంపపు పళ్ల ఆకారం సులువుగా బయటపడుతుంది. చిన్నపిల్లల ఆటలా అనిపించినా పనిచేసే చిట్కా. లయను అదుపు చేసే కొన్ని మందులు వాడేవాళ్లలో ఆ చుట్టు నెమ్మదిస్తుంది, అప్పుడు ఫ్లట్టర్ 150 కంటే తక్కువ వేగంతోనూ రావచ్చు.

ఇంకా తేలకపోతే ఎడినోసిన్ ఇచ్చి చూస్తారు. ఆ మందు ఏవీ నోడ్‌ను కొన్ని సెకన్లపాటు మూసేస్తుంది. ఇక్కడ చాలాచోట్ల జరిగే నష్టం ఒకటుంది. మందు ఇచ్చేటప్పుడు అందరూ మానిటర్ వైపు చూస్తుంటారు, ఈసీజీ కాగితం మాత్రం నడవదు. ఆ కొన్ని సెకన్లే అసలు జవాబు. ఎస్‌వీటీ అయితే చుట్టు తెగి టక్కున ఆగి, సైనస్ మొదలవుతుంది. ఫ్లట్టర్ అయితే మొనలు కాసేపు ఆగి, వాటి వెనక దాగిన రంపపు పళ్లు బయటపడతాయి, ఆ తర్వాత మళ్లీ 150. సైనస్ అయితే మెల్లగా దిగి మెల్లగా ఎక్కుతుంది. మందు ఎక్కించే ముందే కాగితం నడిపించి, లయ స్థిరపడేదాకా ఆపకూడదు.

అసమంగా ఉన్నవన్నీ ఒకటి కావు

దూరాలు తేడాగా ఉన్నాయి కదా అని ప్రతిదానికీ ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అని పేరు పెట్టకూడదు. సమంగా నడుస్తున్న లయలో మధ్యమధ్య ఒక బీటు తొందరపడి వచ్చి, తర్వాత కాస్త ఖాళీ పడి, మళ్లీ పాత దూరాలే వస్తుంటే అవి అదనపు బీట్లు, అంతే. దూరాలు 10, 20, 10, 15 ఇలా దాదాపు అయిదు అయిదు గడుల లెక్కలో పడుతుంటే అది ఫ్లట్టరే, ఏవీ నోడ్ ఒకసారి రెండింట ఒకటి, ఇంకోసారి నాలుగింట ఒకటి వదులుతోంది. ఊపిరితిత్తుల జబ్బు ముదిరినవాళ్లలో కనీసం మూడు రకాల ఆకారాల్లో పి వేవ్‌లు కనిపిస్తూ వేగం 100 దాటే లయ ఒకటుంది. దూరాలు చూస్తే అచ్చం ఫిబ్రిలేషనే, కానీ ప్రతి మొన ముందూ పి ఉంటుంది. ఈ మూడింటినీ విడదీయడానికి వేగం కాస్త తగ్గేదాకా ఆగాల్సి రావచ్చు. లేదా మెషీన్ వేగాన్ని సెకనుకు 50 మిల్లీమీటర్లకు మార్చి మరో స్ట్రిప్ తీయొచ్చు. దూరాలన్నీ రెట్టింపై కొలత సులువవుతుంది. కాకపోతే వేగం లెక్కలో 1500కు బదులు 3000 వాడాలని గుర్తుంచుకోవాలి, కాగితం మీద ఆ మార్పు పెద్దగా రాసి పెట్టాలి.

గుండెతో సంబంధం లేని అల్లరి కూడా ఒకటుంది. పార్కిన్‌సన్స్ వణుకు సెకనుకు 4 నుంచి 6 సార్లు ఉంటుంది. నిమిషానికి లెక్కేస్తే 240 నుంచి 360, సరిగ్గా ఫ్లట్టర్ వేగం. కాగితం మీద రంపపు పళ్లే పడతాయి. పట్టుకునే దారి తేలికే. కుడిచేయి వణుకుతుంటే ఆ చేతి ఎలక్ట్రోడ్ కలిసే లీడ్ 1, లీడ్ 2 చెడతాయి. లీడ్ 3 ఎడమచేతికీ ఎడమకాలికీ మధ్యది, అది శుభ్రంగా ఉంటుంది. నిజమైన ఫ్లట్టర్ అయితే లీడ్ 3లో కూడా బాగా కనిపించాలి. వణుకు ఎంత ఉన్నా మొనల మధ్య దూరాలు మాత్రం మారవు, కాగితం అంచు అక్కడా అక్కరకొస్తుంది.

ఇంతవరకూ చెప్పిందంతా సన్నటి మొనల సంగతి. మొన మూడు చిన్న గడులు, అంతకంటే వెడల్పు ఉంటే లెక్క మారిపోతుంది. వెడల్పు మొనలు వేగంగా, సమంగా వస్తుంటే అది జఠరికల నుంచే పుట్టే ప్రమాదకరమైన లయ అనుకునే వైద్యం మొదలుపెట్టాలి. వెడల్పు మొనలు వేగంగా, అసమంగా వస్తూ, మొనల ఆకారం కూడా బీటు బీటుకూ మారుతూ, కొన్ని దూరాలు 6 గడులకు, అంటే వేగం 250కి చేరుతుంటే, కర్ణికలకూ జఠరికలకూ మధ్య పుట్టుకతో ఇంకో దారి ఉండి, ఫిబ్రిలేషన్ తరంగాలు దానిగుండా దిగుతున్నాయని అనుమానించాలి. ఆ రెండో దారి ఏవీ నోడ్‌లా వడకట్టదు. అలాంటి మనిషికి ఎడినోసిన్, వెరాపమిల్ లాంటి ఏవీ నోడ్‌ను మూసే మందులు ఇస్తే ఫిబ్రిలేషన్ ఆ రెండో దారిలో ఇంకా జోరుగా దిగి, జఠరికలే ఫిబ్రిలేషన్‌లోకి జారిపోవచ్చు. అక్కడ ప్రొకైనమైడ్ లాంటి మందు గానీ, షాక్ గానీ వాడతారు. సన్నటి మొనల ఎస్‌వీటీకి మొదట గుర్తొచ్చే మందే ఇక్కడ ప్రాణం మీదికి తెస్తుంది కాబట్టి, సిరంజి చేతిలోకి తీసుకునే ముందే మొన వెడల్పూ, మొనల మధ్య దూరాలూ రెండూ కొలిచి ఉండాలి.